సమాధానం: సీనియర్ అనుమతి ఉన్నా అది చౌర్యమేనా?

“ఆర్కే బీచ్ కోతపై మా సీనియర్ రాసిన రిపోర్టును, ఆయన ఒప్పుకున్నాకే, నా మాటల్లో రాసి ఇచ్చాను. సాఫ్ట్‌వేర్ 8 శాతమే పోలిక చూపింది. ఇందులో తప్పేముంది?”

యూజీసీ 2018 నిబంధనలు సిద్ధాంత గ్రంథాల్లో 10 శాతం వరకు పోలికలకు శిక్ష విధించవు. కానీ సాఫ్ట్‌వేర్ కొలిచేది పదాల పోలికనే, ఆ శ్రమ ఎవరిదో దానికి తెలియదు. మీ సీనియర్ తన కొలతలను వాడుకోనివ్వగలరు గాని, వాటిని మీరే తీశారని మీ అధ్యాపకురాలు నమ్మేందుకు ఆమె తరఫున అనుమతి ఇవ్వలేరు.

నాకు దీనికంటే పెద్దదిగా తోచే హాని మరొకటి ఉంది. ఆయన ఇసుక వెడల్పును ఆటు సమయంలోనే కొలిచి ఉంటే తీరం ఉన్నదానికంటే విశాలంగా కనిపిస్తుంది. రెండు రిపోర్టులూ చదివినవారు ఇద్దరు వేర్వేరుగా కొలిచి ఒకే ఫలితానికి వచ్చారనుకుని, ఒక్కరి పొరపాటునే రెండు సాక్ష్యాలుగా లెక్కిస్తారు. మాటలు ఎంత మార్చితే ఆ భ్రమ అంత బలపడుతుంది.

మార్కులు వేయకముందే అధ్యాపకురాలికి విషయం చెప్పి, “ఈ కొలతలు, వాటి విశ్లేషణ నా సీనియర్‌వి, భాష మాత్రమే నాది” అని మొదటి పేజీలో ఆయన పేరుతో రాసి, మళ్లీ సమర్పించే అవకాశం అడగండి.