నెలసరి ఆగిపోయాక ఇంకా కొవ్వు తగ్గించాలా?

ప్రశ్న: నా వయసు 24. ఎత్తు 160 సెం.మీ., బరువు 52 కిలోలు. హాఫ్ మారథాన్ కోసం రోజూ పరిగెడుతున్నా. జిమ్ మెషీన్‌లో బాడీ ఫ్యాట్ 17 శాతం చూపించింది. మా తమ్ముడికి 9 ఉంది. నేను 14కి రావాలంటే ఇప్పుడు తింటున్న 1,400 క్యాలరీల్లో ఇంకా ఏం తగ్గించాలి? ఐదు నెలలుగా పీరియడ్స్ లేవు, పరిగెత్తేవాళ్లకి మామూలేనట. షాపులో మాత్రలు తెచ్చి వేసుకుంటే ఒకసారి వచ్చింది. – ఒక పాఠకురాలు

జవాబు: ఏమీ తగ్గించకండి. చివర్లో మాటవరసకు రాసిన విషయమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే చాలు, డాక్టర్‌ను కలవాలి. మీరు ఐదు నెలలు ఆగారు. పరిగెత్తేవాళ్లలో ఇది తరచుగా కనిపించే మాట నిజమే, అంతమాత్రాన మామూలు విషయం అయిపోదు.

ముందు తమ్ముడితో పోలిక మానేయండి. ఎముక మజ్జలో, నరాల్లో, అవయవాల చుట్టూ ఉండే కొంత కొవ్వు లేకుండా శరీరం పనిచేయదు. ఈ ఎసెన్షియల్ ఫ్యాట్ మగవాళ్లలో సుమారు 3 శాతం, ఆడవాళ్లలో సుమారు 12 శాతం. రొమ్ములు, తుంటి, తొడల దగ్గర సంతానం కోసం దాచుకున్న కొవ్వే ఈ తేడాకు ప్రధాన కారణం. కాబట్టి తమ్ముడి 9కీ మీ 17కీ పెద్ద తేడా లేదు, ఇద్దరూ క్రీడాకారుల స్థాయిలోనే ఉన్నారు. ఆ స్థాయి మగవాళ్లలో దాదాపు 6 నుంచి 13, ఆడవాళ్లలో 14 నుంచి 20 శాతం. పోటీలకు దిగని ఆడవాళ్లకు 21 నుంచి 31 వరకూ ఉన్నా ఇబ్బంది లేదు, మగవాళ్లకు 14 నుంచి 24. పోటీల్లో ఉన్నా సరే మగవాళ్లు 5, ఆడవాళ్లు 12 శాతం కంటే దిగకూడదంటారు. అది దాటకూడని గీతే గానీ చేరాల్సిన లక్ష్యం కాదు.

పైగా జిమ్ మెషీన్ లెక్క అంత కచ్చితం కాదు. నీళ్లు తక్కువ తాగినా, పరిగెత్తి వచ్చి వెంటనే ఎక్కినా మూడు నాలుగు శాతం అటూ ఇటూ అవుతుంది. అది చూపిన 17 నిజానికి 14 అయి ఉండొచ్చు కూడా.

అసలు నెలసరి ఎందుకు ఆగింది? ఇంత శాతం కంటే కొవ్వు తగ్గితే ఆగుతుందని ఒకప్పుడు అనుకునేవారు. ఇప్పుడు చూసేది, వ్యాయామానికి పోగా శరీరానికి ఎంత శక్తి మిగులుతోందన్నది. మీ అంకెలతోనే చూద్దాం. 52 కిలోల్లో 17 శాతం కొవ్వు తీసేస్తే దాదాపు 43 కిలోలు. తినేది 1,400. పరుగుకు రోజుకు 500 పోతాయనుకుంటే మిగిలేది 900. అంటే కొవ్వు కాని ప్రతి కిలోకూ దాదాపు 21 క్యాలరీలు. 30 కంటే తగ్గితే చాలామందిలో మెదడు అండాశయాలకు పంపే సంకేతాలను తగ్గించేస్తుంది. 45 దగ్గర ఉంటే మంచిది, అంటే పరుగుకు పోయే 500 కూడా కలిపి మీకు రోజుకు సుమారు 2,400 క్యాలరీలు. చూడ్డానికి మీరు మరీ సన్నగా ఏమీ ఉండరు, బరువు ఎత్తుకు తగ్గట్టే ఉంది. అందుకే ఇంట్లోనూ ఎవరికీ అనుమానం వచ్చి ఉండదు.

ఇక ఆ మాత్రల సంగతి. అవి ఏవో రాయలేదు. బహుశా హార్మోన్ మాత్రలే. వాటిని ఆపాక వచ్చిన రక్తస్రావం మందు వల్ల వచ్చింది, అండం విడుదలై వచ్చిన నెలసరి కాదు. ఒకసారి వచ్చేసరికి సమస్య తీరిందనుకుని మీరు మరికొన్ని వారాలు పోగొట్టుకున్నారు. ఈలోగా అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ హార్మోన్ తక్కువగా ఉంటే నష్టపోయేది ఎముకలు. మీ వయసులో అవి ఇంకా గట్టిపడుతూ ఉంటాయి, ఇప్పుడు పోయింది తర్వాత పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మోకాలి కింద ఎముక మీద ఒకే చోట నొక్కితే నొప్పి ఉంటే పరుగు ఆపేయండి, అది సన్నని పగులు కావచ్చు. అలాంటి మాత్రలు మళ్లీ సొంతంగా వేసుకోకండి తల్లీ. గర్భం ఉందో లేదో కూడా చూడకుండా షాపులో అడిగి తెచ్చుకునే మందులు కావవి.

మిమ్మల్ని పరీక్షించకుండా కారణం ఇదేనని నేను చెప్పలేను. థైరాయిడ్ సమస్యలు, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం, పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య వల్ల కూడా ఇలా అవుతుంది. ఈ వారంలోనే గైనకాలజిస్ట్‌ను కలవండి. ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ (పెళ్లి కాకపోయినా అడుగుతారు, ఏమీ అనుకోవద్దు), ఆపైన హార్మోన్ పరీక్షలు, అవసరమైతే స్కానింగ్, ఎముకల సాంద్రత పరీక్ష రాస్తారు. మాత్రల అట్ట పారేయకుండా తీసుకెళ్లండి. అప్పటిదాకా పరుగు సగానికి తగ్గించి, తిండి పెంచండి. పరుగు అయిన వెంటనే ఏదైనా తినండి. తిండి సరిపోవడం మొదలయ్యాక కూడా నెలసరి తిరిగి రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. తినాలంటేనే భయంగా, తప్పు చేస్తున్నట్టుగా అనిపిస్తుంటే డాక్టర్‌కు ఆ మాట కూడా చెప్పండి.