ఒక జిల్లాకు సూచీ సున్నా ఎందుకొస్తోంది?

"మూడు సూచికలతో జిల్లాల మానవాభివృద్ధి సూచీ కట్టాను. ఒక జిల్లాకు ఏకంగా 0 వచ్చింది, శిశు మరణాలు ఎక్కువున్న జిల్లా పైకెక్కింది. టెన్షన్‌గా ఉంది."

కనిష్ఠ, గరిష్ఠ హద్దులు మీ జిల్లాల లెక్కల నుంచే తీసుకున్నట్టున్నారు. అప్పుడు అట్టడుగు జిల్లాకు ఆ సూచిక 0 అవుతుంది. 2010 నుంచి యుఎన్‌డీపీ వాడుతున్న గుణమధ్యమంలో మూడింటినీ గుణిస్తాం కాబట్టి మొత్తం సున్నా. హద్దులు బయట నుంచి ముందే ఖాయం చేసుకోండి. ఏటా మార్చకండి, మారిస్తే పాత ఏడాదితో పోల్చలేరు.

శిశు మరణాల రేటును తిరగేయాలి. హద్దులు 0, 60 అనుకుంటే, రేటు 24 ఉన్న జిల్లాకు (60−24)/60 = 0.6.

ఆదాయానికి లాగరిథమ్ తప్పనిసరి. హద్దులు 50 వేలు, 8 లక్షలు. తలసరి 2 లక్షలు అనుకోండి:

```
ln(200000/50000) / ln(800000/50000) = 0.5
```

లాగ్ లేకపోతే ఇదే 0.2 అవుతుంది. విద్య 0.72 అయితే:

```
(0.6 × 0.72 × 0.5)^(1/3) = 0.6
```

ఒక్క మాట: తలసరి జిల్లా ఉత్పత్తి అంటే అక్కడివాళ్ల చేతికొచ్చే ఆదాయం కాదు. పెద్ద ఫ్యాక్టరీ ఉన్న జిల్లా అనుకోకుండా పైకొస్తే ముందు దాన్నే అనుమానించండి.