యూనియన్ పెట్టాక ట్రాన్స్‌ఫర్ చేశారు

ప్రశ్న: మా మందుల ఫ్యాక్టరీలో పర్మినెంట్ కార్మికులం 240 మంది. అందులో 130 మందిమి యూనియన్ పెట్టి రిజిస్టర్ చేయించాం. మేనేజ్‌మెంట్ మాతో మాట్లాడదు, పైగా 60 మందితో ఇంకో యూనియన్ పెట్టించింది, మా సభ్యులను ఒక్కొక్కరినీ పిలిచి రాజీనామా చేయమంటోంది. కార్యదర్శినని నన్ను వేరే రాష్ట్రంలోని డిపోకు ట్రాన్స్‌ఫర్ చేశారు. యూనియన్‌లో చేరితే శిక్షించవచ్చా?

జవాబు: కుదరదు. యూనియన్ పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణ ఇచ్చింది. చేరినందుకు తీసేయడం, పాలసీ పేరు చెప్పి కక్షతో బదిలీ చేయడం, యాజమాన్యమే యూనియన్ పెట్టించడం, ఇవన్నీ పారిశ్రామిక సంబంధాల కోడ్ రెండో షెడ్యూల్లో అన్యాయమైన పద్ధతులే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన ఈ కోడ్ ప్రకారం వీటికి 10 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది.

గుర్తింపు సంగతి వేరు. రిజిస్టర్ అయినంత మాత్రాన యాజమాన్యం చర్చలకు కూర్చోవాలని లేదు. ఒకటికి మించి యూనియన్లు ఉన్నచోట మస్టర్ రోల్లోని కార్మికుల్లో 51 శాతం మంది మద్దతు ఉన్న యూనియనే చర్చలు జరిపే ఏకైక యూనియన్ అవుతుంది. మీ దగ్గర అంటే 123 మంది. మీకు 130 ఉన్నారు కాబట్టి ఎనిమిది మంది జారుకుంటే ఆ హోదా పోతుంది. మీ సభ్యులను ఒక్కొక్కరినీ పిలిచి రాజీనామా చేయమంటున్నారంటే లెక్క వాళ్లకూ తెలుసన్నమాట. 51 శాతం ఎవరికీ లేకపోతే కనీసం 20 శాతం ఉన్న యూనియన్ల ప్రతినిధులతో చర్చల మండలి ఏర్పడుతుంది. వాళ్ల 60 మంది 25 శాతం కాబట్టి ఆ యూనియన్ కూడా మీ పక్కన కూర్చుంటుంది. అందుకే సభ్యత్వ రశీదులు, సంతకాలు జాగ్రత్త. వెరిఫికేషన్ కోసం ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి.

ఇక మీ ట్రాన్స్‌ఫర్. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. కోపంతో కొత్త చోట చేరకుండా ఇంట్లో కూర్చుంటారు. అప్పుడు యాజమాన్యానికి యూనియన్ ఊసు అక్కర్లేదు, 'డ్యూటీకి రాలేదు' అన్న ఛార్జిషీటు చాలు. స్టే రాకపోతే 'అభ్యంతరం తెలుపుతూ చేరుతున్నాను' అని రాసిచ్చి చేరండి. వివాదాన్ని కార్మిక శాఖ కన్సిలియేషన్ అధికారి ముందు పెట్టండి. రెండేళ్లు దాటితే ఆయన తీసుకోరు. సాధారణంగా 45 రోజుల్లో ఆయన రిపోర్టు ఇవ్వాలి. రాజీ కుదరకపోతే రిపోర్టు అందిన 90 రోజుల్లోపు ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

కక్ష అని నోటితో చెబితే సరిపోదు, తేదీలే చెప్పాలి. యూనియన్ పెట్టినట్టు లేఖ ఏ రోజు ఇచ్చారు, బదిలీ ఆర్డర్ ఎన్ని రోజులకు వచ్చింది, మీ కేడర్లో అంతకుముందు ఎవరినైనా పంపారా, ఆ డిపోలో నిజంగా ఖాళీ ఉందా? ఇవి కాగితాల్లో చూపండి.

యూనియన్ కార్డు ఉంది కదా అని నోటీసు లేకుండా సమ్మెకు దిగకండి. 14 రోజుల ముందు నోటీసివ్వాలి. సగం మంది లేదా అంతకు మించి ఒకేరోజు మూకుమ్మడిగా క్యాజువల్ లీవ్ పెట్టినా కోడ్ దాన్ని సమ్మెగానే లెక్కేస్తుంది. ఆ తప్పుకు వేసే శిక్షను యూనియన్ కక్ష అని వాదించడం కష్టం.