మూడు సార్ట్‌లకీ 6 కంపారిజన్లే వస్తే తేడా ఎక్కడుంది?

"సార్, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండి జాబ్ కోసం తిరుగుతున్నా. మొన్న ఇంటర్వ్యూలో 5 2 4 1 ఇచ్చి బబుల్, సెలెక్షన్, ఇన్‌సర్షన్ మూడూ పేపర్ మీద ట్రేస్ చెయ్యమన్నారు. మూడింటికీ 6 కంపారిజన్లే వచ్చాయి, మరి తేడా ఏంటి అంటే నోరు పెగల్లేదు. కోడ్ మొత్తం కంఠస్థమే, ఎక్కడ పోయింది?"

తమ్ముడూ, నీ లెక్క కరెక్టే, 6 మూడింటికీ వస్తుంది. కానీ నువ్వు కంపారిజన్లు ఒక్కటే లెక్కపెట్టావు, నంబర్లు ఎన్నిసార్లు కదిలాయో పక్కన రాసుకోలేదు, అక్కడే పోయింది.

బబుల్‌లో మొదటి పాస్‌లో 5 పక్కవాటితో మార్చుకుంటూ మార్చుకుంటూ చివరికి వెళ్లిపోతుంది, 2 4 1 5 అవుతుంది, అంటే ఒక్క పాస్‌లోనే 3 స్వాప్‌లు. తర్వాత 2 1 4 5, ఆ తర్వాత 1 2 4 5. చివర్న ఉన్న 1ని చూడు, పాపం పాస్‌కి ఒక్క అడుగే ముందుకొస్తుంది, అందుకే మూడు పాస్‌లూ పట్టాయి. మొత్తం 5 స్వాప్‌లు.

సెలెక్షన్ అయితే ముందు అన్నీ చూసి చిన్నది 1 అని తేల్చుకుని దాన్ని 5తో ఒక్కసారి మారుస్తుంది, అంతే, 1 2 4 5 వచ్చేసింది. కానీ దానికా సంగతి తెలీదు కదా, మిగతా 3 కంపారిజన్లూ చేసి తీరుతుంది. స్వాప్ మాత్రం ఒక్కటే.

ఇన్‌సర్షన్ చేతిలో పేకముక్కలు సర్దుకున్నట్టే. 2ని తీసి 5కి ముందు పెడితే 2 5 4 1, తర్వాత 4ని మధ్యలో దూరిస్తే 2 4 5 1, చివరికి 1 కోసం మూడింటినీ జరపాలి. ఇక్కడా 5 కదలికలే కానీ ఇవి స్వాప్‌లు కాదు, షిఫ్ట్‌లు. స్వాప్‌కి టెంప్‌తో కలిపి మూడు అసైన్‌మెంట్లు, షిఫ్ట్‌కి ఒక్కటే, ఇది చెప్పుంటే ఇంటర్వ్యూ చేసినాయనకి నువ్వు అర్థం చేసుకున్నావని తెలిసేది.

చాలామంది తప్పు చేసేది ఇన్‌సర్షన్ దగ్గరే. 2 4 5 1 చూసి ముందు మూడూ ఫిక్స్ అయిపోయాయి అనుకుంటారు, కాదు, అవి వాటిలో అవి వరసగా ఉన్నాయంతే, ఇంకా కదులుతాయి. బబుల్‌లో అయితే పాస్ తర్వాత చివరిది, సెలెక్షన్‌లో మొదటిది, ఇక కదలవు. మధ్యలో ఒక లైన్ ఇచ్చి ఇది ఏ సార్ట్ అని అడిగితే దీన్ని బట్టే పట్టుకోవాలి.

ఇప్పుడు 1 2 5 4 తీసుకుని నువ్వే చెయ్యి. ఇన్‌సర్షన్ 4 కంపారిజన్లలో అయిపోతుంది. బబుల్‌లో స్వాప్ జరిగిందా లేదా అని ఒక ఫ్లాగ్ పెడితే 5, ఫ్లాగ్ లేకపోతే 6. సెలెక్షన్‌కి మళ్లీ 6 పడతాయి. అదే 10,000 నంబర్లు ముందే వరసలో ఉన్నాయనుకో, ఇన్‌సర్షన్‌కి 9,999 కంపారిజన్లు చాలు, సెలెక్షన్ మాత్రం దాదాపు 5 కోట్లు చేస్తుంది.