పేరు ముందుగా చెవిలో పడాలి

చిరంజీవి బాబుకి, విజయనగరం నుంచి నీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

మీ పిల్లాడు కార్తీక బహుళ పాడ్యమినాడు పుట్టాడు కాబట్టి బారసాల 21వ రోజున, సుబ్బారాయుడి షష్ఠికి వచ్చింది. పురుడు శుద్ధి 11వ రోజునే అయిపోయింది గనక పంతులుగారు గణపతి పూజ, పుణ్యాహవాచనం చేయించగానే నీ పని మొదలవుతుంది.

వెడల్పాటి పళ్ళెం చూసుకో. బియ్యం పలచగా పోసి అరచేత్తో చదును చెయ్యి. మందంగా పోస్తే గీసిన అక్షరం గింజలు జారి పూడిపోతుంది. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మీ ఆవిడ పక్కన కూర్చుంటుంది. నువ్వు బంగారు ఉంగరంతో ముందు శ్రీకారం చుట్టి, దాని కింద మూడు పేర్లు రాయాలి.

మొదటిది నక్షత్రం పేరు. పిల్లాడిది రోహిణి రెండో పాదం, అక్షరం 'వా', కాబట్టి వాసుదేవ అనుకున్నాం. రెండోది మాసం పేరు. కార్తీకానికి పుండరీకాక్షుడు. మూడోది పిలుచుకునే పేరు, అరసవల్లి స్వామికి మొక్కుకున్న సూర్యనారాయణ.

పాదం మాత్రం మరోసారి సరిచూడు. ఒక్కో పాదం సుమారు ఆరు గంటలుంటుంది. పుట్టిన వేళ పాదం మారే సమయానికి దగ్గరగా ఉంటే పావుగంట తేడాకే అక్షరం మారిపోతుంది. మా పెద్దాడి విషయంలో అదే జరిగింది. ఆసుపత్రి కాగితంలో వాళ్ళు రాసింది పుట్టిన వేళ కాదు, బిడ్డను తెచ్చి మాకు చూపించిన వేళ. పీటల మీద కూర్చున్నాక మా అమ్మ అసలు వేళ చెప్పింది. బియ్యం మీద రాసింది చెరిపి మళ్ళీ రాశాం. అందుకే పురిటి గదిలో ఉన్న మీ అత్తగారిని ఇప్పుడే అడుగు.

రాశాక పిల్లాడి కుడిచెవి దగ్గరకు వంగి, పేరు మెల్లగా మూడుసార్లు చెప్పు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకో. గట్టిగా చెబితే ఉలిక్కిపడి ఏడుస్తాడు. మొదట పలికేది తండ్రే. ఆ తరవాతే తలెత్తి అందరికీ వినబడేలా చెప్పు. మన ఇళ్ళల్లో వెంటనే తల్లి పిలుస్తుంది, తరవాత మేనత్త, అంటే మీ చెల్లి. అప్పుడు ముత్తైదువలు ఉయ్యాల్లో వేసి లాలి పాడతారు.

నాకు బాధనిపించేది ఒకటే, నాయనా. ఈమధ్య గుమ్మం దగ్గర బ్యానర్ మీద పేరు ముందే కొట్టించేస్తున్నారు. వచ్చినవాళ్ళంతా చదివేశాక తండ్రి చెవిలో ఏం చెబుతాడు? బ్యానర్ కట్టాలనుకుంటే మధ్యాహ్నం భోజనాల వేళకు కట్టించు. ఫోను గ్రూపులో కూడా అప్పటిదాకా పెట్టొద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పు.

ఉంగరం నేను తెస్తాను. నీకు పేరు రాసినప్పుడు మీ నాన్న పెట్టుకున్నదే.