పనుల షీట్‌లో మొత్తం శాతం, వారాంతపు లెక్క

ప్రశ్న: మేము రాయగడ చుట్టుపక్కల చిన్న చిన్న కట్టుబడి పనులు చేయిస్తుంటాం. పని, బాధ్యుడు, స్థితి, పూర్తయిన శాతం అన్నీ గూగుల్ షీట్‌లో రాస్తున్నాం. నెల రోజులుగా మొత్తం శాతం 85, 90 దగ్గరే తిరుగుతోంది, పని మాత్రం తెమలడం లేదు. వారం వారం యజమానికి పంపే లెక్క నమ్మేలా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: నేను గుణుపురం వైపు బడి గదులు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు లెక్కలు చూస్తాను. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి చూస్తే, మొత్తం శాతాన్ని అన్ని వరుసల సగటుగా తీస్తున్నారని, ఒక్కొక్క వరుసలోని శాతాన్ని మేస్త్రి నోటి మాటగా చెప్పింది చెప్పినట్టు రాస్తున్నారని అనిపిస్తోంది. ఈ రెండింటినీ సరిచేయకుండా వారాంతపు లెక్కను ఎంత అందంగా తయారు చేసినా ప్రయోజనం ఉండదు, కాబట్టి ముందు వాటి సంగతి చెబుతాను.

రెండు గదుల బడి కట్టడాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అసలు షీట్‌లో బాధ్యుల పేర్లు ఉంటాయి. ఇక్కడ వాటి బదులు వారి పనిని రాశాను. రోజులు అంటే ఆ పనికి ముందుగా అనుకున్న పని దినాలు.

| పని | బాధ్యుడు | రోజులు | శాతం |
|---|---|---|---|
| పునాది తవ్వకం | మట్టి పని ముఠా | 6 | 100 |
| పునాది రాతి కట్టు | రాతి మేస్త్రి | 10 | 100 |
| ప్లింత్ బీమ్ | సెంట్రింగు మేస్త్రి | 6 | 100 |
| ఇటుక గోడలు | తాపీ మేస్త్రి | 16 | 50 |
| శ్లాబు | సెంట్రింగు మేస్త్రి | 20 | 0 |
| ప్లాస్టరింగు | తాపీ మేస్త్రి | 14 | 0 |
| కరెంటు పైపులు | ఎలక్ట్రీషియన్ | 4 | 25 |
| తలుపులు, కిటికీలు | వడ్రంగి | 4 | 50 |

శాతాలన్నీ కూడి ఎనిమిదితో భాగిస్తే 53 వస్తుంది, అంటే సగం దాటినట్టు కనిపిస్తుంది. కానీ నాలుగు రోజుల కరెంటు పైపులకూ ఇరవై రోజుల శ్లాబుకూ ఆ సగటులో ఒకటే విలువ ఉంది. ప్రతి శాతాన్నీ దాని రోజులతో గుణించి కూడితే పూర్తయిన పని 33 రోజులకు సమానం. మొత్తం 80 రోజులు గనుక అసలు శాతం 41 మాత్రమే. చాలా కట్టడాల్లో చిన్న పనులు తొందరగా ముగిసి పెద్ద పనులు చివరికి మిగులుతాయి కాబట్టి, సాధారణ సగటు మొదట్లో పరుగెత్తి చివర్లో మొండికేస్తుంది. మీరు 85, 90 దగ్గర చూస్తున్నది చాలావరకు ఇదే అయి ఉంటుంది. నా షీట్‌లో A లో పని, B లో బాధ్యుడు, C లో రోజులు, D లో గడువు తేదీ, E లో స్థితి, F లో శాతం, G లో ఆగిన కారణం ఉంటాయి. మొత్తం శాతానికి సూత్రం ఇది:

```
=SUMPRODUCT(C2:C60,F2:F60)/SUM(C2:C60)
```

ఈ సూత్రంలో ఒక చిక్కు ఉంది. ఎవరైనా F లో అంకె బదులు "50 శాతం" అని అక్షరాలతో రాస్తే SUMPRODUCT దాన్ని సున్నాగా తీసుకుంటుంది, తప్పు చూపించదు. అందుకని F నిలువు వరుసకు శాతం ఫార్మాట్ పెట్టి, Data validation లో 0 నుంచి 1 మధ్య సంఖ్యను మాత్రమే అంగీకరించేలా కట్టడి చేయండి. వాట్సాప్ నుంచి కాపీ చేసి అతికించిన విలువలు ఆ కట్టడిని తప్పించుకుని లోపలికి రావచ్చు కాబట్టి, ఒక మూల ఈ తనిఖీ కూడా ఉంచండి. ఇది సున్నా కాకపోతే ఏదో ఒక గడిలో అక్షరాలు ఉన్నట్టే.

```
=COUNTA(F2:F60)-COUNT(F2:F60)
```

ఇక ఒక్కొక్క వరుసలోని శాతం సంగతి. "ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే తాపీ మేస్త్రి చెప్పేది ఎక్కువగా గడిచిన రోజుల లెక్క. పదహారు రోజుల పనిలో పన్నెండు రోజులు గడిస్తే ముప్పావు వంతు అయిందంటాడు, మధ్యలో వానకు ఐదు రోజులు పని లేకపోయినా సరే. కాబట్టి శాతాన్ని అడిగి రాయకూడదు, కొలిచి రాయాలి. ఇటుక గోడలకు అంచనా పత్రంలో ఉన్న మొత్తం 28 ఘనపు మీటర్లు అనుకుందాం. కట్టినది 14 అయితే 50, 21 అయితే 75. బిల్లు కోసం ఎలాగూ మెజర్‌మెంట్ బుక్కు రాస్తారు కదా, అదే కొలత ఇక్కడికీ పనికొస్తుంది. కరెంటు పని పాయింట్ల లెక్క, తలుపులూ కిటికీలూ బిగించిన చట్రాల లెక్క.

శ్లాబును ఘనపు మీటర్లలో కొలవడం కుదరదు, ఎందుకంటే కాంక్రీటు ఒక్క రోజులోనే పడుతుంది. శ్రమంతా దానికి ముందే ఉంటుంది. అలాంటి పనికి మెట్లు పెట్టుకోవాలి. మా దగ్గర సెంట్రింగు పూర్తయితే 40, కమ్మి కట్టడం కూడా అయితే 70, కాంక్రీటు పోస్తే 90, సెంట్రింగు విప్పాక 100. రెండు మెట్ల మధ్య అంకె ఏదీ రాయం: సెంట్రింగు సగమైనా సున్నాయే. కొంత కఠినంగా అనిపిస్తుంది గానీ, "ఇంచుమించు అయిపోయింది" అనే మాటకు షీట్‌లో చోటు లేకుండా చేసేది ఇదొక్కటే. కాంక్రీటు పోశాక ఆ వరుస 90 దగ్గర రెండు వారాలు కదలకపోవచ్చు. 4.5 మీటర్లకు మించిన స్పాన్ గల శ్లాబుకు మామూలు సిమెంటుతో అయితే ఆధారాలను కనీసం 14 రోజులు ఉంచాలని ఐఎస్ 456 చెబుతుంది. ఇది ఎవరి ఆలస్యమూ కాదు, కాబట్టి గడువు తేదీ వేసేటప్పుడే ఆ రోజులను కలుపుకోండి. లేకపోతే సెంట్రింగు మేస్త్రి పేరు ప్రతి కట్టడంలోనూ అనవసరంగా గడువు దాటిన వారి జాబితాలోకి ఎక్కుతుంది.

స్థితిని ఎవరి చేతా రాయించకండి. మనిషి రాస్తే ఒక వరుసలో శాతం 100, స్థితి "జరుగుతోంది" అని, మరో వరుసలో శాతం 80, స్థితి "పూర్తి" అని కనిపించి, ఏది నమ్మాలో తేలదు. శాతాన్నీ ఆగిన కారణాన్నీ మాత్రమే మనుషులు రాయాలి, స్థితిని షీట్ లెక్కగట్టాలి.

```
=IF(F2=1,"పూర్తి",IF(G2<>"","ఆగింది",IF(F2>0,"జరుగుతోంది","మొదలు కాలేదు")))
```

ఇందువల్ల ఒక పనిని ఆగిందని చూపించాలంటే కారణం రాసి తీరాలి. ఇసుక రాలేదు, కొండ దారి తెగింది, జేఈ గారు కమ్మి చూడలేదు, ఏదైనా సరే. కారణం లేని ఆగడం షీట్‌లో ఉండదు.

బాధ్యుడి గడిలో ఒకే పేరు ఉండాలి. "తాపీ మేస్త్రి, ఎలక్ట్రీషియన్" అని ఇద్దరిని రాస్తే అది ఎవరి పనీ కాకుండా పోతుంది. అలాంటి పనిని రెండు వరుసలుగా విడదీయండి. మన సరిహద్దు జిల్లాల్లో దీనికి తోడు ఇంకో ఇబ్బంది ఉంది. ఒకే మనిషి పేరును పార్వతీపురం నుంచి వచ్చిన గుమాస్తా తెలుగులో, స్థానిక సూపర్‌వైజరు ఒడియాలో, ఆఫీసులో ఇంకొకరు ఇంగ్లీషులో రాస్తారు. చూసేవారికి ఆ మూడూ ఒకే మనిషి పేరని తెలుసు, COUNTIFS కు తెలియదు. పేర్లను వేరే ట్యాబ్‌లో ఒకే లిపిలో ఒక్కసారి రాసి, B గడులకు అక్కడి నుంచి డ్రాప్‌డౌన్ ఇవ్వండి. ఏ లిపి అన్నది మీ ఇష్టం. మేము అందరూ చదవగలిగేది అని ఇంగ్లీషు పెట్టుకున్నాం.

ఇప్పుడు వారాంతపు లెక్క. దీన్ని శనివారం బట్వాడా సమయానికి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఆ సాయంత్రం మేస్త్రీలందరూ కూలి డబ్బుల కోసం ఎలాగూ వస్తారు, కొలతలు అప్పుడే సరిచూసుకోవచ్చు. ఆ శనివారం తేదీని J1 లో చేత్తో రాయండి. TODAY() వాడితే సోమవారం తెరిచిన యజమానికి మీరు పంపినది కాక వేరే లెక్క కనిపిస్తుంది. L2 నుంచి కిందికి బాధ్యుల పేర్లు ఉంటే, ఒక్కొక్కరి కింద గడువు దాటిన పనులు ఎన్నో ఇలా వస్తుంది:

```
=COUNTIFS(B$2:B$60,L2,D$2:D$60,"<"&$J$1,F$2:F$60,"<1")
```

ఇక్కడ ఖాళీ గడి "<1" కిందికి రాదు. మొదలు కాని పనికి శాతం రాయకుండా వదిలేస్తే, గడువు ఎంత దాటినా అది ఈ లెక్కకు అందదు, 0 వేయాల్సిందే.

తరువాత వేరే ట్యాబ్‌లో వారానికి ఒక వరుస చొప్పున తేదీ, మొత్తం శాతం, గత వారం మీద పెరుగుదల, మొత్తం రోజులు, ఆగిన పనులు, గడువు దాటిన పనులు చేర్చండి. అంకెలను తప్పనిసరిగా Paste special లోని Values only తో అతికించండి. సూత్రాలుగా వదిలేస్తే ప్రతి పాత వారమూ నేటి అంకెకు మారిపోతుంది. అన్ని వారాల్లోనూ ఒకే శాతం కనిపిస్తే జరిగింది అదేనని గుర్తించవచ్చు.

పై ఉదాహరణలో మరుసటి వారం గోడలు 75, పైపులు 50, తలుపులు 75 అయ్యాయనుకుందాం. పూర్తయిన పని 33 నుంచి 39 రోజులకు, మొత్తం 41.25 నుంచి 48.75 కు చేరుతుంది. యజమాని చూడవలసింది ఆ 48 కాదు, పెరిగిన ఏడున్నరను, అంటే ఆరు రోజుల పనిని. మిగిలినది 41 రోజులు, కాబట్టి ఇదే వేగంతో సుమారు ఏడు వారాలు పడుతుంది. వానాకాలంలో ఇంకా ఎక్కువే అనుకోవాలి. శ్లాబు రెండు మెట్ల మధ్య ఉన్న సమయం కాకుండా, వరుసగా రెండు వారాలు పెరుగుదల సున్నా ఉండి, ఆగిన పనులూ సున్నాయే ఉంటే మాత్రం ఎవరో కారణం దాస్తున్నారనో, కొలత తీయలేదనో అర్థం. మీరు సైటుకు వెళ్లవలసిన వారం అదే.

మొత్తం రోజుల గడిని వారాంతపు వరుసలో చేర్చమన్నది ఊరికే కాదు. మధ్యలో ఇంజనీరు గారు పది రోజుల ప్రహరీ గోడ కలపమంటే 80 కాస్తా 90 అవుతుంది, 39 రోజుల పని అలాగే ఉంటుంది, శాతం 48 నుంచి 43 కు దిగుతుంది. పక్కన రోజుల అంకె లేకపోతే ఆ వారం ఫోను మీకే వస్తుంది. అలా కలిపిన పనిని పాత వరుసలో ఇరికించకుండా కొత్త వరుసగా, తన గడువుతో, తన బాధ్యుడితో చేర్చండి.