గొప్పలు చెప్పుకోకుండా మా గానుగ షాపు గురించి ఎలా రాయాలి?

అనంతపురంలో మాది శెనక్కాయ నూనె గానుగ, నాన్న, అన్న, నేనే చూసుకుంటాం. వెబ్‌సైట్‌లో 'మా గురించి' పేజీలో ఏం రాస్తే నమ్ముతారు, డబ్బా కొట్టుకున్నట్టు ఉండకూడదు?

ముందు 'నాణ్యతకు మారుపేరు' లాంటి మాటలన్నీ తీసేయండి, పక్క షాపాయన కూడా అవే రాసుకుంటాడు, వాటిల్లో కొనేవాళ్ళు చెక్ చేసుకునేది ఏమీ ఉండదు. మా పెదనాన్న వాళ్ళ గానుగకి నేను ఇట్లా రాసినా:

"తాత ఎద్దులతో తిప్పేవాడు, ఇప్పుడు మోటారు పెట్టినాం. లీటరు నూనెకి సుమారు 2.5 కిలోల విత్తనాలు పడతాయి, రేటు ఎక్కువ అందుకే. రిఫైన్ చేయం కాబట్టి అడుగున కొంచెం మడ్డి కనపడుతుంది. ఫోన్ చేస్తే అన్నే ఎత్తుతాడు."

మోటారు సంగతి దాచొద్దు, షాపుకొచ్చి చూసినోళ్ళకి ఎట్లాగూ తెలిసిపోతుంది, అప్పుడు మిగతాదీ నమ్మరు. మడ్డి గురించి ముందే చెప్తే కల్తీ అనుకోరు. కింద 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబర్, గానుగ దగ్గర మీరు ముగ్గురూ ఉన్న మామూలు ఫోటో పెట్టండి, నెట్‌లో దొరికే ఫోటో వద్దు. ఎన్నేళ్ళ నుంచి నడుస్తుందో కరెక్టుగా తెలీకపోతే ఏళ్ళు రాయొద్దు, 'తాత మొదలుపెట్టినాడు' అంటే చాలు.